పేరుకు బదులు మాట లేదు

నాకు నత్తి ఉంది. నా మొదటి సినిమా ప్రీమియర్ రోజున స్టేజీ మీద నిలబడి నటులకు, టెక్నీషియన్లకు, డబ్బు సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాల్సి వచ్చింది. ఆ పని ఎలా జరిగిందో రాస్తున్నాను. సినిమా గురించి ఇందులో పెద్దగా ఉండదు. మనుషుల పేర్లు కూడా రాయడం లేదు. పత్రికలో వేయడానికి వాళ్లను నేను అడగలేదు. అవసరమైన చోట మొదటి అక్షరం చెబుతాను. నాకు గొడవంతా ఆ మొదటి అక్షరంతోనే.

నత్తి అనగానే చాలామందికి సినిమాల్లో కామెడీ పాత్రలు గుర్తొస్తాయి. ఒకే అక్షరం నాలుగైదుసార్లు వస్తుంది, జనం నవ్వుతారు. అది ఒక రకం. అక్షరం సాగిపోవడం ఇంకో రకం. నాది ఎక్కువగా మూడో రకం, పూర్తిగా ఆగిపోవడం. 'ప' అనడానికి పెదాలు మూస్తాను. అవి మళ్లీ తెరుచుకోవు. గొంతు లోపల బిగుసుకుంటుంది. గాలి బయటికి రాదు, చప్పుడు రాదు. చెప్పాల్సిన మాట నాకు స్పష్టంగా తెలుసు. అది నోటి దగ్గరే ఉంటుంది. బయటివాళ్లకు మాత్రం నేను మరిచిపోయినట్టో, భయపడినట్టో కనిపిస్తుంది. కళ్లు గట్టిగా మూసుకుంటాను. కుడికాలు నేలకేసి కొడతాను. ఇవి నేను కావాలని చేసేవి కావు.

పెద్దవాళ్లలో నూటికి ఒకరికి నత్తి ఉంటుందని అంచనా. ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. భయం వల్ల నత్తి పుట్టదు. మెదడు మాటను నడిపించే తీరులోనే తేడా ఉంటుంది, చాలా ఇళ్లలో అది వంశంలో వస్తుంది. భయం ఉన్నదాన్ని పెంచుతుంది, అంతే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మమ్మ వసకొమ్ము సాన మీద అరగదీసి నా నాలుకకు రాసేది. నాన్న "నిమ్మళంగా మాట్లాడు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఇంకాస్త బిగుసుకునేది.

నత్తి ఉన్నవాడు చిన్నప్పుడే ఒక విద్య నేర్చుకుంటాడు. రాబోయే కష్టమైన మాట రెండు మాటల ముందే తెలిసిపోతుంది. దాన్ని తప్పించి ఇంకో మాట వేస్తాడు. హోటల్లో పూరీ తినాలని ఉన్నా ఇడ్లీ చెబుతాడు. మా కాలనీ పేరు 'జ'తో మొదలవుతుంది. 'జ' నాకు ఆగుతుంది, 'నా' ఆగదు. అందుకని తార్నాకలో ఆటో ఎక్కి నాచారం అనేవాడిని. అక్కడ దిగి ఇంటికి నడిచేవాడిని. ఏళ్ల తరబడి అలాగే నడిచాను. నడక ఆరోగ్యానికి మంచిదని ఇంట్లో చెప్పేవాడిని.

పేర్ల దగ్గర ఈ విద్య పనిచేయదు. పూరీకి బదులు ఇడ్లీ ఉంది. మనిషి పేరుకు బదులు ఏముంది? ఇంగ్లండ్ రాజు ఆరో జార్జికి నత్తి ఉండేది. ఆయనకు మాట నేర్పిన లయొనెల్ లోగ్, ప్రసంగాల కాగితం మీద ఎక్కడ ఆగాలో గీతలు గీసి, రాజు తడబడే మాటలు కొట్టేసి వేరే మాటలు రాసేవాడట. 1939 సెప్టెంబరు 3న, యుద్ధం ప్రకటించిన రోజున చేసిన రేడియో ప్రసంగానికి కూడా అలాగే గీతలు పెట్టాడు. యుద్ధం గురించి చెప్పడానికి మాటలు మార్చుకోవచ్చు. కృతజ్ఞతలు చెప్పడం అంటే మొదటి నుంచి చివరిదాకా పేర్లే. నత్తి ఉన్నవాడి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన శిక్షలా ఉంటుంది.

మరి డైరెక్షన్ ఎలా చేశావు అని అడుగుతారు. నా అసోసియేట్ వల్ల చేశాను. నాకంటే చిన్నది, గొంతు పెద్దది. షూటింగ్‌లో నేను చెయ్యి ఎత్తితే తను "రోల్ సౌండ్" అనేది. చెయ్యి దించితే "యాక్షన్" అనేది. పిడికిలి బిగిస్తే "కట్". ఒకసారి తను భోజనాల సంగతి చూడటానికి వెళ్లింది. మా వీధిలోని ఒక ముసలామె వాకిలి ఊడ్చే షాట్ నడుస్తోంది. నేను 'కట్' అనాలి. 'క' బిగుసుకుంది. ఆమె వాకిలి ఊడ్చేసి పక్కింటి వాకిలి కూడా మొదలుపెట్టింది. చివరికి చీపురు పట్టుకునే నా వైపు తిరిగి "ఇంకెంతసేపు ఊడ్వాలె బిడ్డా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ప్రీమియర్‌కి నెల ముందు స్పాన్సర్లతో కూర్చున్నాం. మావి పెద్ద కంపెనీలు కావు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ వర్క్‌షాపు నడిపే ఒకాయన కెమెరా అద్దె కట్టాడు. మెడికల్ షాపాయన లైట్లు తెప్పించాడు. ఫ్లెక్సీలు వేసే కుర్రాడు పోస్టర్లు ఊరికే వేసిచ్చాడు. టిఫిన్ సెంటర్ నడిపే అత్త షూటింగ్ జరిగినన్నాళ్లూ అందరికీ పొద్దున టిఫిన్ పంపింది, డబ్బు అడగలేదు. వీళ్లకు మేం ఇవ్వగలిగినవి మూడే. సినిమా మొదట్లో లోగో, హాలు బయట ఫ్లెక్సీ మీద పేరు, స్టేజీ మీద పేరు. మొదటి రెంటికీ నాకు ఇబ్బంది లేదు. కృతజ్ఞతల కార్డు నేనే రాసి, ఒక్క పేరు కూడా జారిపోకుండా టైటిల్స్‌లో వేశాను. దానితో సరిపోతుందేమో అని అడిగి చూశాను. వర్క్‌షాపాయన మంచివాడే, కానీ మొహమాటం లేనివాడు. "తెరమీద ఎవరు చదువుతరు సార్. మీరు మైకుల చెప్పాలె. మా ఇంటోళ్లు అందరు వస్తున్నరు" అన్నాడు. న్యాయమైన మాట.

ఆ వారమే ఒక దొంగదారి వెతికాను. వీడియోలో మాట్లాడి, ఆగిన చోట్లు కట్ చేసి, తెరమీద వేస్తే? ఎడిటింగ్ నా చేతిలో పనే. గదిలో కెమెరా పెట్టుకుని మాట్లాడాను. తర్వాత ఎడిట్‌కి కూర్చున్నాను. మాట ఆగినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. సిగ్గేసింది. కట్ చేస్తే మాట దొర్లింది కానీ మనిషి తల అడుగడుగునా ఎగిరింది. అసోసియేట్‌కి చూపించి, ఇది వద్దులే, నువ్వే చదివెయ్ అన్నాను. తను ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లు నేనే అరిచిన అన్నా. ఆ రోజు నేను కింద కూర్చుంట. నా పేరు కూడా అండ్ల ఉంది గదా" అంది. తన పేరును తనే చదువుకోవాలని నేను అడిగినట్టు అప్పటిదాకా నాకు తట్టలేదు.

తర్వాతి వారం స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మాట, వినికిడి ఇబ్బందులకు అక్కడ చూస్తారు. నేను వెళ్లింది ఇంటికి దగ్గరలో ఉన్న ఒక మేడమ్ దగ్గరికి. ఆమె మొదటే ఒక విషయం చెప్పింది. నెలలో నత్తి పోదు. ఆగినప్పుడు ఎలా బయటపడాలో నేర్చుకోవచ్చు.

నేర్పింది ఇదీ. మాట ఆగగానే మనం తోస్తాం. తోసేకొద్దీ బిగుసుకుంటుంది. తోయకూడదు. వెనక్కి వెళ్లి మొదటి నుంచి కూడా మొదలెట్టకూడదు. పెదాలు ఎక్కడ మూసుకున్నాయో అక్కడే ఉండి, బిగువు మాత్రం కొంచెం కొంచెంగా వదలాలి. గాలి ముందు కదులుతుంది, దాని వెనక అక్షరం జారుతుంది. మామూలు కంటే సాగినట్టు వస్తుంది, పరవాలేదు. ఇక ఆగుతుందని ముందే తెలిసిన పేరుకైతే పెదాలను గట్టిగా నొక్కకుండా, తాకీ తాకనట్టు ఉంచి మొదలుపెట్టాలి. చదివితే చాలా సులువుగా ఉంది కదా. భయం వేసినప్పుడు పెదాలు మన మాట వినవు.

నా సొంత చిట్కా ఒకటి ఆమెకు చెప్పాను. పేరు ముందు 'మా' చేరిస్తే నాకు సులువు. 'మా ప్రభాకర్' లాగా అన్నమాట. 'మా' మీద గొంతు నడుస్తూ ఉంటుంది, ఆ ఊపులో పేరు వచ్చేస్తుంది. ఆమె వద్దంది. ఇలాంటి ఊతమాటలు కొన్నాళ్లు పనిచేసి అరిగిపోతాయట. తర్వాత ఊతమాటే ఆగుతుంది. నిజమే. చిన్నప్పుడు 'అంటే' అనేది నా ఊతమాట. తర్వాత 'అంటే' దగ్గరే ఆగేవాడిని.

జాబితా వరుస కూడా ఆమె మార్పించింది. నేను కష్టమైన పేర్లన్నీ చివర పెట్టుకున్నాను. అలా పెడితే వాటిని తలచుకుంటూ ముందున్న సులువైన పేర్ల దగ్గర కూడా ఆగుతావు అంది. అందరికంటే కష్టమైనది మా కెమెరామన్ పేరు. 'ప్ర'తో మొదలవుతుంది. దాన్ని రెండో పేరుగా పెట్టాం. మొదటిది ముసలామెది, 'స'తో మొదలవుతుంది. అది నాకు జారిపోతుంది.

చివరి వారం రోజూ సాయంత్రం మా డాబా మీద చదివాను. అక్కడ రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, అదే జాబితాను వరుసగా చదువుతూ పోతే నాలుగైదుసార్లకు ఆగడం బాగా తగ్గుతుంది. సంతోషపడి దిగుతాను. మర్నాడు మళ్లీ మొదటికే వస్తుంది. రిహార్సల్లో వచ్చిన ధైర్యాన్ని నమ్మకూడదు. రెండోది నన్ను ఇంకా భయపెట్టింది. ఒకరోజు అసోసియేట్ వచ్చి, నాతో పాటు తనూ గొంతు కలిపి చదివింది. ఇద్దరం ఒకేసారి. ఒక్క పేరు దగ్గర కూడా ఆగలేదు. 'ప్ర' నీళ్లలా వచ్చింది. మధ్యలో తను చెప్పకుండా గొంతు ఆపేసింది. ఆ తర్వాత మూడో పేరు దగ్గర బిగుసుకుపోయాను. నత్తి ఉన్నవాళ్లు గుంపుతో కలిసి చదివినా, పాట పాడినా దాదాపు ఆగరని మేడమ్ తర్వాత చెప్పింది. అందరికీ తెలిసిన సంగతేనట. నా నోటికి ఏ లోపమూ లేదని అప్పుడు అర్థమైంది. ఒంటరిగా మాట్లాడటమే నాకు కష్టం. ఆ సంగతి తెలిసి ధైర్యం రాలేదు.

ఆ రోజుల్లోనే ఇంకో పని చేశాను. ది కింగ్స్ స్పీచ్ సినిమా రాసిన డేవిడ్ సీడ్లర్‌కు చిన్నప్పుడు నత్తి. 2011లో 73 ఏళ్ల వయసులో ఆస్కార్ తీసుకున్నప్పుడు నత్తి ఉన్నవాళ్లందరి తరఫున తీసుకుంటున్నానన్నాడు. ఆ వీడియో ధైర్యం కోసం చూశాను. చక్కగా, తడబడకుండా మాట్లాడాడు. తర్వాత తెలిసింది, ఆయన నత్తి పదహారేళ్లకే తగ్గిపోయిందట. ఆయన మీద గౌరవం తగ్గలేదు కానీ నాకు ఆ వీడియో పనికిరాలేదు.

శనివారం రాత్రి ఉప్పల్‌లోని థియేటర్‌లో చివరి షో అయ్యాక మమ్మల్ని లోపలికి రానిచ్చారు. మర్నాడు పొద్దున మొదటి ఆటకు ముందు మాకు హాలు ఇస్తారు. బొమ్మ, సౌండ్ చూసుకున్నాం. తర్వాత నేను మైకు పట్టుకున్నాను. రెండో పేరు దగ్గర ఆగాను. సౌండ్ చూసే అబ్బాయి మైకు పోయిందనుకున్నాడు. మీట పైకి తోశాడు. అంతలో నా గొంతు వచ్చింది. హాలంతా కూత. చెవులు మూసుకున్నాం. అతని తప్పేమీ లేదు, చప్పుడు రాకపోతే ఎవరైనా అదే చేస్తారు. అతని దగ్గరికి వెళ్లి చెప్పాను. నాకు నత్తి, నేను ఆగితే మైకు ఆగినట్టు కాదు, మీటను ముట్టుకోవద్దు అని. ఒక కొత్త మనిషికి ఆ మాట నా అంతట నేను చెప్పడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. అతను "అట్లనా అన్నా, చెప్తే అయిపోతుండె గదా" అన్నాడు. చేతి మైకు వద్దు, స్టాండు పెడతానని కూడా అతనే అన్నాడు. నా చెయ్యి వణకడం చూసినట్టున్నాడు. యాంకర్ అమ్మాయికి కూడా చెప్పాం, నేను ఎంతసేపు ఆగినా మధ్యలో అందుకోవద్దని. థియేటర్ వాళ్లు ప్రసంగానికి ఐదు నిమిషాలు అన్నారు. పది అడిగాను. టైమ్ అయిపోతోందన్న బెదురు ఒక్కటి చాలు, నా గొంతు మూసుకుపోవడానికి.

ఆదివారం పొద్దున హాలు నిండింది. మా వీధి వాళ్లే సగం. చీరలు, పిల్లలు, సంచుల్లో మంచినీళ్ల సీసాలు. వర్క్‌షాపాయన కుటుంబం మూడో వరుస మొత్తం ఆక్రమించింది. నేను బాత్రూమ్‌లో ఉన్నాను. గొంతు బాగాలేదు, నువ్వే చదివెయ్ అని అసోసియేట్‌కి మెసేజ్ టైప్ చేశాను. పంపాను. జవాబు రాలేదు. మళ్లీ చూశాను, చదవలేదు కూడా. తన ఫోన్ బ్యాగులో ఉంది. యాంకర్ నా పేరు పిలిచింది. జవాబు వచ్చి ఉంటే స్టేజీ ఎక్కేవాడిని కాను.

ముందుగా నత్తి సంగతే చెప్పెయ్యమని మేడమ్ అంది, మొదటి మాట అదే చెప్పాను. "నాకు నత్తి ఉంది. పేర్ల దగ్గర ఆగుతాను. ఎంతసేపైనా నేనే చెబుతాను. దయచేసి ఎవరూ అందించకండి." ఇది చెప్పడంలో ఒక్కచోట కూడా ఆగలేదు. నత్తి అలాగే ఆడుకుంటుంది. ఎవడో కుర్రాడు "ఏం నత్తి లేదు" అన్నాడు కూడా.

ముసలామె పేరు వచ్చింది. చప్పట్లు. ఆ తర్వాత కెమెరామన్. పెదాలు తాకీ తాకనట్టు ఉంచాలనుకున్నాను. గట్టిగానే మూసుకున్నాయి. కళ్లు మూసుకున్నాయి. కాలు కొట్టడం స్టేజీ చెక్క మీద వినిపించింది. అది విని ఇంకా బిగుసుకున్నాను. ముందు వరుసలో ఒక పెద్దాయన పేరు అందించారు. చెప్పొద్దన్నా చెప్పారు, మంచి మనసుతోనే. ఎక్కడో ఒక పిల్ల నవ్వింది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. పేరు ఇంకా రాలేదు, జనం ధైర్యం చెప్పడానికి కొడుతున్నారు. ఆ చప్పట్లు నాకు అక్కర్లేదనిపించింది. కోపం వచ్చింది. వాళ్ల మీద కోపం రావడం సిగ్గుగా కూడా ఉంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. తోయడం మానేశాను. తోసే ఓపిక పోయిందనడమే నిజం. బిగువు వదిలింది, 'ప్ర' సాగుతూ వచ్చింది. కెమెరామన్ లేచి నిలబడి నమస్కారం పెట్టి వెంటనే కూర్చున్నాడు. అతను కూడా మొహమాటస్తుడే.

ఆ తర్వాత కొన్ని దొర్లాయి, కొన్ని ఆగాయి. శ్రీతో మొదలయ్యే దుకాణాలన్నీ హాయిగా వచ్చాయి. మెడికల్ షాపు పేరు పెట్టినవాళ్ల తాతకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. వర్క్‌షాపాయన పేరు 'బ'. అక్కడ బాగా ఆగాను. మూడో వరుస మొత్తం నన్నే చూస్తోంది. ఆయన భార్య చేతిలో ఫోన్, వీడియో తీస్తోంది. టిఫిన్ సెంటర్ అత్త వెనక నుంచి గట్టిగా అంది, "నిమ్మళంగ చెప్పు బిడ్డా, మేం యాడికి పోతలేం, దోశలు మాడుతలేవు." హాలంతా నవ్వింది. మా నాన్న మాటే అది. కానీ ఆమె నన్ను బాగుచేయడానికి అనలేదు, తను ఆగుతానని చెప్పింది. పేరు వచ్చింది. ఆమె పేరు కూడా చెప్పాను, అదీ ఆగింది, ఆమె ఆగింది.

చివరి పేరు అసోసియేట్‌ది. 'య'తో మొదలవుతుంది, నాకు సులువైన అక్షరం. ఏడుపు వచ్చి ఆగాను. అది నత్తి కాదు. హాల్లో ఎవరికీ ఆ తేడా తెలియదు. పది నిమిషాలు దాటింది. సౌండ్ అబ్బాయి మీటను ముట్టుకోలేదు. యాంకర్ ఒక్క మాట అందించలేదు. వీళ్లిద్దరినీ జాబితాలో రాసుకోలేదు, అప్పటికప్పుడు చెప్పాను. వాళ్ల పేర్లు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి, ముందుగా తలచుకుని భయపడే టైమ్ లేదు కాబట్టి.

సినిమా మొదలయ్యాక చీకట్లో నా చొక్కా వీపుకు అంటుకుని ఉందని తెలిసింది. మొదటి పావుగంట సినిమా నేను చూడలేదు, అంటే చూశాను, ఏమీ ఎక్కలేదు. సాయంత్రం నా మెసేజ్ పక్కన నీలం టిక్కులు కనిపించాయి. అసోసియేట్ దాని గురించి ఇప్పటికీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మీలో ఎవరికైనా ఇలాంటి రోజు వస్తే, మైకు నడిపే మనిషికి ముందు చెప్పండి. వీలైతే స్టాండు అడగండి. టైమ్ రెట్టింపు అడగండి. కష్టమైన పేరు ముందు పెట్టుకోండి. నాకు పనిచేసినవి ఇవే. 'అందించకండి' అని చెప్పినా ఎవరో ఒకరు అందిస్తారు. దానికి సిద్ధపడి వెళ్లండి, నేను పడలేదు.

సోమవారం వర్క్‌షాపాయన ఫోన్ చేశాడు. ఇంటావిడ తీసిన వీడియో వణికిందట. మా కెమెరాలో ఉన్నది పంపమన్నాడు, తన పేరు చెప్పిన ముక్క వరకే. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవాలి, చుట్టాలు చూడాలి. "కొంచెం పొట్టిగ చేసి పంపండి సార్, మధ్యల గ్యాప్ ఉంది గదా" అన్నాడు. నన్ను నొప్పించాలని కాదు, స్టేటస్‌లో పట్టాలని. గ్యాప్ ఉండనివ్వండి అందామనుకున్నాను. కానీ ఆయన కట్టిన కెమెరా అద్దెతోనే ఆ షాట్ కూడా తీశాం. ఎడిట్‌కి కూర్చుని, ఆగిన భాగం తీసేసి, రెండు ముక్కలు కలిపి పంపాను. తల కొంచెం ఎగిరింది. ఆయన దండం పెట్టే బొమ్మ పంపాడు.